ఏడో ఫ్యాన్ వణుకు

కాగితం మిల్లులో ఆయన్ని అందరూ నాడి మాస్టారు అనేవాళ్ళు. బడిలో పాఠాలు చెప్పిన మనిషేం కాదు. మోటార్లకీ పంపులకీ ఫ్యాన్లకీ అయస్కాంతం ఉన్న చిన్న సెన్సర్ అంటించి, వాటి అదురు కొలిచి, ఏ బేరింగ్ ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పడం ఆయన ఉద్యోగం. చెప్పింది చాలావరకు జరిగేది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఎవరైనా "నాడి మాస్టారూ" అని పిలిస్తే ఆయన పైకి విసుక్కునేవారు గానీ లోపల మురిసిపోయేవారు.

కొత్త ఇంజనీరమ్మ చేరినప్పుడు ఆవిడకి పని నేర్పే బాధ్యత ఆయన మీదే పడింది. చదువులో చురుకైన పిల్ల. లెక్కలన్నీ వచ్చు, కానీ మిషను ముందు నిలబడితే ఆ లెక్క ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. ఒకరోజు మాస్టారు పాత కవరు వెనక్కి తిప్పి పెన్సిలుతో ఒక అల గీశారు.

"బేరింగ్‌లో చిన్న పగులుంది అనుకో. బంతి దాని మీదికి వచ్చినప్పుడల్లా ఒక దెబ్బ. ఆ దెబ్బకి ఇనుమంతా గంటలా మోగుతుంది. ఆ మోత చాలా వేగం, సెకనుకి వేలసార్లు. మనక్కావలసింది మోత కాదు, దెబ్బలు ఎంత తరచుగా పడుతున్నాయనేది. అంటే ఆ మోత పైన పరుచుకున్న ముసుగు."

"ఎన్వలప్," అంది ఇంజనీరమ్మ.

"అదే. దానికి హిల్బర్ట్ ట్రాన్స్‌ఫార్మ్. పుస్తకంలో చూస్తే భయం పుట్టిస్తుంది గానీ చేసేది ఇంతే." అసలు అల కింద ఇంకో అల గీశారు. ఎత్తు అంతే, కాకపోతే పావు చుట్టు వెనక నడుస్తోంది. "దీనికి ఒక తోడు అల తయారుచేస్తుంది. అసలుదాన్ని అడ్డంగా, తోడుదాన్ని నిలువుగా పెట్టి చూడు. రెండూ కలిసి గడియారం ముల్లులా తిరుగుతాయి. దాన్నే ఎనలిటిక్ సిగ్నల్ అంటారు. ముల్లు పొడవెంతో అదే ఎన్వలప్. ముల్లు ఏ క్షణాన ఎంత వేగంగా తిరుగుతోందో అది ఆ క్షణపు ఫ్రీక్వెన్సీ."

"ఇంతేనా మాస్టారూ?"

"ఇంతే. కానీ రెండు సంగతులు మర్చిపోకు. ముందు వడకట్టాలి. నాలుగు అలలు కలిసిన కలగూరగంపని తీసుకెళ్ళి హిల్బర్ట్‌లో పోస్తే ముల్లు పిచ్చిగా తిరుగుతుంది, ఆ ఫ్రీక్వెన్సీకి అర్థం ఉండదు. కావలసిన చిన్న పట్టీ మాత్రం ఉంచి, తక్కినది తీసేయాలి. రెండోది, ముల్లు పొడవు సున్నా దగ్గరికి వచ్చినచోట దాని వేగాన్ని నమ్మకు. అక్కడ ముల్లే లేదు, వేగమేమిటి?"

ఇంజనీరమ్మ ఆ కవరు అడిగి తీసుకుంది. మాస్టారు ఇచ్చేశారు. అందులో రెండో అల గీత కాస్త గజిబిజిగా ఉందని ఆవిడ గమనించలేదు. ఆయన మాత్రం గమనించి, చేతిని బల్ల కిందికి దించేశారు.

అప్పటికే కొంతకాలంగా కుడిచెయ్యి వణుకుతోంది. ఊరికే ఒళ్ళో పెట్టుకుంటే ఏమీ లేదు. ఏదైనా పట్టుకున్నా, చాపినా మొదలయ్యేది. టీ సగం కప్పే తీసుకునేవారు. "షుగరేమోనని భయం" అని క్యాంటీన్‌వాడికి చెప్పారు. పై అధికారుల ముందు కాగితం పట్టుకుంటే అది ఆకులా ఆడుతుందని, కాగితాలు బల్ల మీద పెట్టే చదివేవారు. ఇంట్లో భార్య చొక్కా గుండీ పెట్టబోతే "నేను చిన్నపిల్లాణ్ణా" అని కసురుకున్నారు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మాస్టారికి అసలు భయం రోగం గురించి కాదు. తండ్రి గురించి. తండ్రి సిటీబస్సులో కండక్టరు. ఆయన చేతులు వణికేవి. చిల్లర లెక్కపెడుతుంటే నాణేలు జారి సీట్ల కింద దొర్లిపోయేవి. జనం నవ్వేవారు, "పొద్దున్నే మొదలెట్టాడు" అనేవారు. ఒకసారి స్నేహితులతో అదే బస్సెక్కిన కొడుకు, నాణేలు ఏరుకుంటున్న ఆ మనిషెవరో తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూశాడు. తండ్రి వచ్చి టికెట్ అడిగాడు, పరాయివాణ్ణి అడిగినట్టే. కొడుకు డబ్బులిచ్చి టికెట్ తీసుకున్నాడు. ఆ సంగతి ఇద్దరూ జీవితంలో మళ్ళీ ఎత్తలేదు. తండ్రి సాయంత్రాలు కాస్త తాగేవారన్నది నిజమే. కాబట్టి ఆ వణుకు తాగుడుదేనని కొడుకు ఖాయం చేసుకున్నాడు. ఇప్పుడు తన చెయ్యి అచ్చం అలాగే ఆడుతుంటే, చుక్క ముట్టని తనని కూడా లోకం అలాగే అనుకుంటుందని బెంగ.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళారు. మాస్టారు గదిలో ఒక్కరే ఉన్నారు. చేతిలోకి కొలత యంత్రం తీసుకుని, సెన్సర్‌ని ముంజేతి వెనక టేపుతో అతికించుకుని, చెయ్యి చాపి కూర్చున్నారు. ఆ యంత్రం ఏదో ఒక మిషను పేరు ఎంచుకోనిదే రికార్డు చెయ్యదు. తెర మీద అప్పటికే ఏడో ఫ్యాన్ పేరుంది. అదే నొక్కారు.

తర్వాత ఆ రికార్డుని కంప్యూటర్లో తెరిచి, గబగబా హిల్బర్ట్ నడిపారు. వడకట్టలేదు. పదిమందికి చెప్పే మనిషి, తన చెయ్యి దగ్గరికొచ్చేసరికి ఆ మాటే మర్చిపోయారు. భుజం మెల్లగా వాలుతున్న కదలిక, పక్కగదిలోని యంత్రాల అదురు, అన్నీ కలిసిపోయి ఫ్రీక్వెన్సీ గీత ఎగిరెగిరి పడింది. సున్నా కిందికి కూడా పోయింది. దాని సగటు తీస్తే అయిదు దగ్గర తేలింది. అయిదంటే పార్కిన్సన్స్ అని ఎక్కడో చదివారు. అంతే, కుర్చీలో కూలబడ్డారు. తలుపు చప్పుడైతే కిటికీ మూసేసినట్టు తెర మూసేశారు. ఆ రికార్డు చెరిపేయాలని అనుకున్నారు, కానీ ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయారు. యంత్రాన్ని చార్జింగ్ స్టాండులో పెట్టగానే అది తనంతట తాను అన్ని కొలతలనీ మిల్లు కంప్యూటర్లోకి పంపేస్తుందన్న సంగతి గుర్తురాలేదు.

మర్నాడు పొద్దున మీటింగులో ఇంజనీరమ్మ గోడమీద తెర వేసింది.

"ఏడో ఫ్యాన్ సార్. బాయిలర్‌కి గాలి కొట్టేది. అదురు హద్దు దాటి నాలుగింతలుంది. ఫ్యాన్ సెకనుకి పదహారున్నర చుట్లు తిరుగుతుంది. ఈ ఊపు మాత్రం అయిదున్నర దగ్గరుంది. మాస్టారు నేర్పినట్టు మూడుకీ ఎనిమిదికీ మధ్య పట్టీ వడకట్టి హిల్బర్ట్ వేశాను. చూడండి, ఎన్వలప్ ఉబ్బుతోంది, తగ్గుతోంది. ఫ్రీక్వెన్సీ అయిదున్నర చుట్టూ కొంచెం అటూఇటూ తిరుగుతోంది. చుట్లతో ముడిపడినదైతే ఇలా తిరగదు. గొట్టంలో గాలి పోటెత్తి వెనక్కి తంతోందేమో, లేదా పునాది బోల్టులు వదులయ్యాయేమో."

తెర మీద తన చెయ్యి, అంత పొడవున. మాస్టారికి చెవులు వేడెక్కిపోయాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నారు. లెక్క ఎంత శుభ్రంగా చేసిందో పిల్ల, నేనే ఇలా చేసుకోలేకపోయానే అన్నది మొదట తట్టింది. ఇప్పుడే చెప్పాలి అన్నది తర్వాత తట్టింది.

"కొలత ఎవరిది?" మేనేజరు అడిగాడు.

"నాదే," అన్నారు మాస్టారు.

"సెన్సర్ సరిగ్గా పెట్టారా?"

గది నిండా మనుషులు. మెకానికల్ వాళ్ళు, కరెంటు వాళ్ళు, తలుపు దగ్గర ఫిట్టర్ల మేస్త్రి. "సరిగ్గానే పెట్టానండీ," అని నోటిలోంచి వచ్చేసింది.

ఆ తర్వాత తప్పించుకోడానికి ఒక దారి దొరికిందనుకున్నారు. "నేనూ అమ్మాయీ మళ్ళీ వెళ్ళి కొలుస్తాం," అన్నారు. వెళ్ళారు. ఏడో ఫ్యాన్ పాలు తాగిన పిల్లలా హాయిగా తిరుగుతోంది. హమ్మయ్య, ఇంతటితో పోయింది అనుకున్నారు. కానీ మేనేజరు ఒప్పుకోలేదు. అంతకుముందు ఏడాది ఇలాగే ఒక కొలతని కొట్టిపారేస్తే షాఫ్టు విరిగి గోడలోకి దూసుకెళ్ళింది. "ఇవాళ ఊరుకుంది. పోటు వచ్చిపోయేదైతే రేపు రాదని ఎవరు చెప్తారు? మాస్టారు తీసిన కొలత మీద నాకు అనుమానం లేదు. ఆదివారం బాయిలర్ ఆపి గొట్టం విప్పండి."

ఆదివారం మేస్త్రీ, అతని ముఠా వచ్చారు. గొట్టంలోపల ఇంకా సెగ. ముక్కులకి గుడ్డలు కట్టుకుని దూరారు. బయటికొచ్చినప్పుడల్లా కళ్ళు మాత్రమే కనిపించేవి, తక్కినదంతా మసి. మాస్టారు టార్చిలైటు పట్టుకుని బయట నిలబడ్డారు. అది కూడా ఎడమచేత్తో. పునాది బోల్టు ఒక్కటి కూడా వదులు కాలేదు. రెక్కల్లో పగుళ్ళు లేవు. గొట్టంలో గాలిని ఆపే తలుపు రేకులు సరిగ్గానే ఉన్నాయి. సాయంత్రానికి అన్నీ తిరిగి బిగించారు.

"ఏం లేదు మాస్టారూ," అన్నాడు మేస్త్రి, మెడ తుడుచుకుంటూ. "పోన్లెండి, ఏమీ లేకపోవడం మంచిదేగా."

ఆ మాటకి మాస్టారు తల ఊపారు.

సోమవారం దెబ్బంతా ఇంజనీరమ్మ మీద పడింది. మేనేజరు అందరి ముందూ, "పుస్తకాల లెక్కలు తెచ్చి మిల్లు ఆపించావు. తెర మీద రంగు గీతలు వెయ్యడం కాదమ్మా, మిషను తెలియాలి," అన్నాడు. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. "సారీ సార్," అంది. మాస్టారు రెండు కుర్చీల అవతలే ఉన్నారు. బూట్ల వంక చూస్తూ కూర్చున్నారు. మీటింగు ముగిసి అందరూ లేచినా ఆయన లేవలేకపోయారు.

మధ్యాహ్నం ఆవిడే ఆయన గదికి వచ్చింది. ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది. ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టింది.

"మాస్టారూ, నేనెక్కడ తప్పు చేశానో చెప్పండి. రెండోసారి చెయ్యను."

"తప్పేం లేదమ్మా."

"ఉంది. చూడండి. అయిదున్నర మరీ పెద్దదిగా ఉండేసరికి తక్కినవి కనబడక ఊరుకున్నాను. ఇవాళ స్కేలు మార్చి చూశాను. పదహారున్నర దగ్గర అసలు గీతే లేదు. ఫ్యాన్ తిరుగుతుంటే ఎంత బాగా తిరిగినా ఎంతోకొంత ఉండాలి కదా? బేరింగ్ మోత కూడా లేదు. నేను వడకట్టేటప్పుడు అసలు రికార్డునే పాడుచేసి ఉంటానా? మీరు ఒకసారి మొదట్నుంచి చేసి చూపించండి. మీరు చేస్తుంటే చూస్తే నాకు తెలుస్తుంది."

ఆ నమ్మకం చూసి ఆయనకి చచ్చిపోవాలనిపించింది. ఆ పిల్ల తప్పంతా తనలోనే వెతుక్కుంటోంది. కొలత తప్పై ఉంటుందన్న ఆలోచనే రాలేదు, ఎందుకంటే అది తీసింది మాస్టారు.

ఏం చెయ్యాలో తోచక మౌస్ మీద చెయ్యి వేశారు. బాణం గుర్తు తెర మీద అటూఇటూ ఊగింది. రికార్డు పేరు మీద ఆపుదామంటే ఆగదు. గట్టిగా నొక్కి పట్టేకొద్దీ ఇంకా ఊగింది. ఇంజనీరమ్మ ఆ బాణం వంకే చూస్తోంది. కాసేపటికి దాని పక్కనే ఉన్న గీత వంక చూసింది. ఉబ్బుతూ తగ్గుతూ ఉన్న ఆ ముసుగు వంక. తర్వాత ఆయన చేతి వంక చూసి, గభాలున చూపు తిప్పేసుకుంది.

"అది ఫ్యాన్ కాదమ్మా," అన్నారు మాస్టారు. "సెన్సర్ నా చేతికి కట్టుకున్నాను. చెరిపేద్దామనుకున్నాను. మీటింగులో అడిగినప్పుడు అబద్ధం చెప్పాను. ఆదివారం చెప్పలేదు. పొద్దున నిన్ను అంటుంటే కూడా చెప్పలేదు."

ఆవిడ కోప్పడితే బాగుండునని ఆయన ఎదురుచూశారు.

"పొద్దున మీరు అక్కడే ఉన్నారు మాస్టారూ," అంది చివరికి. అంతే అంది. ల్యాప్‌టాప్ మూసి తీసుకెళ్ళింది.

మర్నాడు మీటింగు మొదలవగానే మాస్టారు లేచి నిలబడ్డారు. చేతులు ఈసారి దాచుకోలేదు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలా వదిలేశారు. జరిగింది జరిగినట్టు చెప్పారు. "అమ్మాయి లెక్కలో తప్పు లేదు. నా కొలతే దొంగది," అన్నారు. వెనక నుంచి ఒక ఫిట్టరు ఆపుకోలేక పకాలున నవ్వాడు. "అంటే మేం ఆదివారమంతా ఈయన చెయ్యి కోసం బోల్టులు విప్పామా!" ఇంకో ఇద్దరు నవ్వారు. మేస్త్రి నవ్వలేదు.

మేనేజరు ఇంజనీరమ్మతో, "తొందరపడి అన్నాను," అన్నాడు. మాస్టారికి ఒక కాగితం ఇచ్చాడు. డాక్టరు రాసిచ్చేదాకా నిచ్చెనలు ఎక్కకూడదు, తిరిగే మిషను దగ్గరికి పోకూడదు. మధ్యాహ్నానికి మిల్లంతా కొత్త పేరు పాకిపోయింది. క్యాంటీన్లో ఎవరో, "ఏడో ఫ్యాన్ వచ్చింది, జరగండి," అన్నారు. నాడి మాస్టారు అనే పిలుపు ఆ రోజుతో పోయింది.

ఇంటికి వెళ్ళి భార్యకి చెప్తే ఆవిడ, "చెయ్యి సంగతి నాకెప్పుడో తెలుసు," అంది. "మీరు చెప్తారని చూస్తున్నాను. గుండీ పెట్టనివ్వకపోతే తెలియకుండా పోతుందా?" మర్నాడే ఆసుపత్రికి బయల్దేరదీసింది.

బయల్దేరే ముందు ఇంజనీరమ్మ ఒక కవరు పంపింది. లోపల ఆ గీతల ప్రింటు, శుభ్రంగా వడకట్టి తీసినది. ముక్క రాయలేదు. మాస్టారికి అది కొట్టినదానికంటే ఎక్కువ తగిలింది.

నరాల డాక్టరు ప్రింటు అటూఇటూ తిప్పి చూశాడు. "భలే ఉంది. మా దగ్గర కూడా ఇలాగే తీస్తాం. ఎన్వలప్ చూస్తే వణుకు ఎప్పుడెంత ఉందో, ఫ్రీక్వెన్సీ చూస్తే అది ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది. కానీ దీన్నిబట్టి మీరేమనుకున్నారు?"

"అయిదంటే పార్కిన్సన్స్ అని..."

"అయిదూ ఆరూ అన్నది రెండు మూడు రకాల వణుకుల్లోనూ ఉంటుందండీ. అంకె ఒక్కటే రోగం పేరు చెప్పదు." డాక్టరు ఆయన్ని ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చోమన్నాడు. వణుకు లేదు. చాపమన్నాడు. వచ్చింది. గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్ళు పొయ్యమన్నాడు. బల్ల తడిసింది. వేళ్ళు టకటకా కొట్టించాడు, మోచెయ్యి వంచి చూశాడు, వరండాలో నడిపించాడు. కండరాలు బిగుసుకుపోవడం లేదు, కదలికలు మందగించలేదు. "ఇది వేరే. పుట్టుకతో వచ్చే స్వభావం లాంటిది. చాలా ఇళ్ళల్లో తరతరాలుగా ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"మా నాన్నగారికి చేతులు వణికేవి. కానీ ఆయన తాగేవారు."

"తాగితే వణుకు పెరిగేదా, తగ్గేదా?"

మాస్టారు ఆలోచించారు. సాయంత్రం కాస్త పుచ్చుకున్నాక తండ్రి లాంతరు పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి యూనిఫారం గుండీలు కుట్టుకునేవారు. ఒక్క పోగు కూడా తప్పేది కాదు. "తగ్గేది," అన్నారు.

"అదీ దీని లక్షణమే. కొంచెం మందు పడితే కాసేపు తగ్గుతుంది. అందుకని మందు అనుకుని తాగమని చెప్పడం లేదు సుమా," అని డాక్టరు మాత్రలు రాశాడు.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని అక్కకి ఫోను చేశారు. "నాన్న చేతులు ఎప్పట్నుంచి వణికేవే?"

"ఎప్పట్నుంచేంట్రా, ఎప్పుడూనూ. నా చిన్నప్పుడే. తాగుడు ఆ తర్వాత ఎప్పుడో. అది ఉంటే డ్యూటీ దిగాక కాస్త తిన్నగా అన్నం తినగలుగుతున్నానని అమ్మతో అనేవాడు. నీకు తెలీదా?"

"తెలీదు."

"నువ్వు ఆయనతో కూర్చుని తిన్నదెప్పుడు, తెలియడానికి," అంది అక్క. దెప్పిపొడవాలని కాదు, ఉన్నమాట అన్నట్టు అంది. ఫోను పెట్టేశాక ఆయన మెట్ల మీద నుంచి లేవలేదు. భార్య పక్కన నిలబడి, జనం దాటిపోవడానికి ఆయన సంచీని పక్కకి జరిపింది.

మాత్రలతో వణుకు పూర్తిగా పోలేదు, కొంత తగ్గింది. మిల్లులో ఆయన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టారు. కొలతలు ఇంజనీరమ్మ తెస్తుంది, ఆయన చూస్తారు. ఆవిడ ఇప్పుడు "మాస్టారూ" అంటుంది గానీ, ప్రతి కొలతా రెండోసారి తీసుకుని మరీ వస్తుంది. ఆ రెండోసారి ఎందుకో ఆయనకి తెలుసు. ఎప్పుడూ అడగలేదు.

మేస్త్రి దగ్గరికి వెళ్ళడానికి మాత్రం ఆయనకి చాలా కాలం పట్టింది. ఒకరోజు వర్క్‌షాపులో మేస్త్రి ఒక్కడే మిషను మీద పైపుకి మరలు కోస్తుంటే వెళ్ళి నిలబడ్డారు.

"మేస్త్రీ, ఆ ఆదివారం..."

"తెలుసులెండి."

"ఆ గొట్టంలోకి మిమ్మల్ని పంపి బయట నిలబడ్డాను. క్షమించమని అడగడానికి కూడా ముఖం లేదు."

మేస్త్రి మిషను ఆపాడు. "ఆ రోజు మా మనవరాలు బడి వార్షికోత్సవంలో డాన్సు చేసింది. తాత వస్తాడని ముందు వరసలో కుర్చీ పట్టిందట. చెయ్యి వణకడం మీ తప్పు కాదు మాస్టారూ. కానీ నేను లోపలికి దూరేముందు ఒక్క మాట అనుంటే సరిపోయేది. నా చెవిలో చెప్పినా చాలు, నేనే ఏదో ఒకటి చూసుకునేవాణ్ణి."

"నోరు రాలేదు మేస్త్రీ."

"ఊఁ," అన్నాడు మేస్త్రి. క్షమించానని అనలేదు, లేదనీ అనలేదు. పైపు వంక చూసి, "ఈ రెండో కొస కాస్త పట్టుకోండి, జారుతోంది," అన్నాడు.

మాస్టారు రెండు చేతులతోనూ పట్టుకున్నారు. పైపు కొంచెం అదిరింది. మేస్త్రి చూశాడు, మిషను మళ్ళీ నడిపాడు.